అద్దం చూస్తే చిరాకేస్తోందా? ఒంటిని ప్రేమించనక్కర్లేదు, ఇలా చేసి చూడండి

మా పిన్ని కూతురు తిరుపతి గాంధీ రోడ్డు దగ్గర ఒక చీరల కొట్లో పని చేస్తుంది. ఆ కొట్లో ప్రతి స్తంభానికీ ఒక నిలువుటద్దం ఉంటుంది. వచ్చినవాళ్ళకు చీర భుజం మీద వేసి, కుచ్చిళ్ళు పట్టి, అద్దం వైపు తిప్పి చూపించడం తన పని. చీర చూపించిన ప్రతిసారీ పక్కనే తన మొహం కూడా కనిపిస్తుంది. "రోజంతా నా మొగమే నా మీదికి వస్తాది అక్కా, యాడికి తిరిగినా అదే" అని ఒక ఆదివారం మా ఇంట్లో కూర్చుని చెప్పింది. తనకి జబ్బేమీ లేదు. ఇంట్లో ఎవరూ సూటిపోటి మాటలు అనరు. ఊరికే తన మొహం తనకి నచ్చదు, అంతే.

దానికి తను వెతుక్కున్న మందు ఫోన్లో చూసిన ఒక వీడియో. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి "నేను అందంగా ఉన్నాను, నా శరీరాన్ని ప్రేమిస్తున్నాను" అని పదిసార్లు అనాలట. నాలుగు రోజులు అంది. ఐదో రోజు బాత్రూమ్ అద్దం మీద తువ్వాలు కప్పేసింది.

ఇందులో తన తప్పేమీ లేదు. నమ్మని మాటను పదే పదే అంటే, లోపలి నుంచి "అబద్ధం" అని జవాబు వస్తుంది. 2009లో కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. తమ మీద తమకు మంచి అభిప్రాయం లేనివాళ్ళ చేత "నేను ప్రేమించదగిన మనిషిని" అని పదే పదే అనిపిస్తే, అనని వాళ్ళ కంటే వీళ్ళ మనసే ఎక్కువ పాడైంది. ఆ మాట ముందే నమ్మేవాళ్ళకు మాత్రం కాస్త మేలు జరిగింది. అంటే ఈ మందు అక్కర్లేనివాళ్ళకే పని చేస్తుందన్నమాట.

నేను సైకాలజీ చదివి ఇక్కడే కౌన్సెలింగ్ చేస్తాను. మా చెల్లితో మూడు వారాలు చేయించినదే ఇక్కడ వరసగా రాస్తున్నాను, తనని అడిగే రాస్తున్నాను. ఆ వీడియో చెప్పేదాన్ని బాడీ పాజిటివిటీ అంటారు, నేను చేయించినదాన్ని బాడీ న్యూట్రాలిటీ అంటారు. ముందు ఈ రెండు ఆలోచనల సంగతి తేల్చుకుందాం. ఏది ఎవరికో తెలియకపోతే అద్దం మీద మళ్ళీ తువ్వాలే పడుతుంది.

రెండింటికీ తేడా ఎక్కడుంది

బాడీ పాజిటివిటీ పుట్టింది అద్దం ముందు కాదు, వీధిలో. 1960లలో అమెరికాలో లావుగా ఉన్నవాళ్ళు ఉద్యోగాల్లో, ఆస్పత్రుల్లో తమకు జరుగుతున్న అవమానం మీద గొడవ మొదలుపెట్టారు. 1969లో దానికోసం ఒక జాతీయ సంఘమే పెట్టుకున్నారు. వాళ్ళు మాట్లాడింది లోకంతో. "మా ఒళ్ళు ఇలా ఉంది, మమ్మల్ని మనుషుల్లా చూడండి" అన్నారు. ఆ మాట ఎన్నో చేతులు మారి, ఇన్‌స్టాగ్రామ్‌కి వచ్చేసరికి "నీ ఒంటిని నువ్వు ప్రేమించు" అయింది. లోకం మారాలన్న డిమాండు కాస్తా మీరు పొద్దున్నే చేయాల్సిన హోంవర్క్ అయిపోయింది.

బాడీ న్యూట్రాలిటీ అన్న మాట 2015 ప్రాంతంలో అమెరికాలోనే వాడుకలోకి వచ్చింది. తిండితోనూ ఒంటితోనూ పేచీ ఉన్న ఆడవాళ్ళతో పని చేసే కౌన్సెలర్లు దాన్ని ముందుకు తెచ్చారు. ద్వేషం నుంచి ఒక్క దూకులో ప్రేమకు పోలేనివాళ్ళకు మధ్యలో నిలబడే చోటు కావాలి కదా, అది ఇది. పాజిటివిటీ "నా ఒళ్ళంటే నాకిష్టం" అంటుంది. న్యూట్రాలిటీ "నా ఒళ్ళు ఉంది, దాంతో నాకు పనుంది" అంటుంది.

ఇది అర్థం కావడానికి తిరుపతివాళ్ళు ఎక్కడికీ పోనక్కర్లేదు. మన ఊళ్ళో బస్టాండు దగ్గర ఒక గంట నిలబడితే ఎన్ని గుండ్లు కనిపిస్తాయో లెక్క పెట్టలేం. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, పాతికేళ్ళ అమ్మాయిలు, అందరూ గంధం పూసుకున్న గుండ్లతో తిరుగుతుంటారు. ఎవరైనా తిరిగి చూస్తారా? "ఎంత అందమైన గుండు" అని మెచ్చుకోరు, "అయ్యో, జుట్టు పోయిందే" అని జాలీ పడరు. తలనీలాలు ఇచ్చారు, అంతే. అదే అమ్మాయి అదే గుండుతో తన ఊళ్ళో కాలేజీకి పోతే పది ప్రశ్నలు వస్తాయి. గుండు రెండుచోట్లా ఒకటే, చూపు వేరు. మన ఊరు గుండును చూసే చూపుతో మీ మొహాన్ని మీరు చూసుకోవడమే న్యూట్రాలిటీ. మా చెల్లికి ఈ మాట చెప్పగానే నవ్వింది, ఆ వీడియోకి నవ్వలేదు.

మొదటి పని: మూడు రోజులు లెక్క రాయండి

ఏదీ మార్చకండి. చిన్న పుస్తకం ఒకటి పెట్టుకుని, అద్దంలోనో ఫోన్ కెమెరాలోనో మిమ్మల్ని మీరు చూసుకున్న ప్రతిసారీ మూడు సంగతులు రాయండి: ఎక్కడ చూశారు, ఎందుకు చూశారు, మనసులో పడిన మొదటి మాట ఏమిటి. బండి అద్దం, లిఫ్టు తలుపు, కొట్టు గాజు తలుపు కూడా లెక్కే.

మా చెల్లి మొదటి రోజు 41 సార్లు రాసింది. అందులో పని ఉండి చూసింది 6 సార్లే: జడ, బొట్టు, పైట పిన్ను. మిగతా 35 తనిఖీలు. "ఇంకా అట్లే ఉందా" అని చూడటం, అట్లే ఉందని తెలుసుకోవడం. తనిఖీ చేసిన ప్రతిసారీ చూపు పోయింది ఒక్కచోటికే, దవడ కింద మెత్తగా ఉండే చోటికి. మొదటి మాటల్లో "ఛీ" పదకొండుసార్లు ఉంది.

కొందరి పుస్తకం దీనికి పూర్తిగా రివర్సులో వస్తుంది. రోజుకు రెండుసార్లు కూడా చూసుకోరు. అద్దం కనిపిస్తే తల తిప్పేస్తారు, గ్రూప్ ఫోటోలో వెనక్కి జారుకుంటారు. అదీ తనిఖీ లాంటిదే. చూడకపోతే మనసు తన సొంత బొమ్మ గీసుకుంటుంది, అది అద్దం కంటే ఘోరంగా ఉంటుంది. అద్దాలు తీసేయడం అందుకే మందు కాదు.

రెండో పని: గొడవ అద్దంతోనా, మనుషుల నోళ్ళతోనా?

పుస్తకంలో రాసుకున్న మొదటి మాటల్ని చదివి, ప్రతి మాట పక్కన అది ఎవరి గొంతుతో వినిపిస్తోందో రాయండి. మేనత్త గొంతా, స్కూల్లో పేరు పెట్టి పిలిచిన కుర్రాడి గొంతా, పెళ్ళిచూపులకి వచ్చి "అమ్మాయి రంగు తక్కువ" అని పోయినవాళ్ళ గొంతా?

సగానికి పైగా మాటలు ఇంకొకరి గొంతులో ఉంటే, ఇంకా ఇప్పటికీ అంటూనే ఉంటే, న్యూట్రాలిటీ ఒక్కటే చాలదు. రంగు తక్కువని సంబంధం తప్పిపోయిన అమ్మాయికి "నీ మొహాన్ని మామూలుగా చూడు" అని చెప్పడం అన్యాయం. మామూలుగా చూడనిది ఆ అమ్మాయి కాదు కదా. అక్కడ పాత పాజిటివిటీ, అంటే వీధిలో పుట్టినది, పనికొస్తుంది. "ఈ ఒంటికి ఏ తక్కువా లేదు, మీ మాటలు కట్టిపెట్టండి" అని గట్టిగా చెప్పే తోడు మనుషులు కావాలి. ఈ రంగు పిచ్చి మన ఇళ్ళలో ఎంత లోతుగా ఉందో రాయాలంటే ఇంకో వ్యాసం అవుతుంది, ఇక్కడ ఆపుతున్నాను.

గొంతు మీదే అయితే, ఎవరూ ఏమీ అనకుండానే మీకు మీరు నచ్చకపోతే, న్యూట్రాలిటీతో మొదలుపెట్టండి. మా చెల్లి పుస్తకంలో దాదాపు అన్నీ తన గొంతే.

మూడో పని: అద్దంతో దూరం, సమయం

అద్దానికి కనీసం ఒక చేతి దూరంలో నిలబడండి. మొదట మనిషిని మొత్తం చూడండి, తర్వాతే పని ఉన్న చోటు చూడండి, పని అయిన వెంటనే కదిలిపోండి. మొటిమ దగ్గరికి ముక్కు ఆనించి చూడటం, ఫోన్లో జూమ్ చేయడం మానేయాలి. అంత దగ్గరగా ఎవరూ మిమ్మల్ని చూడరు, దంతవైద్యుడు తప్ప.

ఈ సమయం సంగతి చిన్నగా కనిపిస్తుంది గానీ చాలా తేడా తెస్తుంది. లండన్‌లో 2011లో చేసిన ఒక ప్రయోగంలో మనుషుల్ని అద్దం ముందు ఒకసారి 25 సెకన్లు, ఇంకోసారి 10 నిమిషాలు నిలబెట్టారు. పది నిమిషాలు చూసుకున్నప్పుడు, రూపం గురించి ఏ బెంగా లేనివాళ్ళకు కూడా బాధ పెరిగింది. ఎవరి మొహమైనా అంతే, ఎక్కువసేపు చూస్తే ముక్కలు ముక్కలుగా విడిపోయి పరాయిదైపోతుంది. ఒకే మాటను యాభైసార్లు అంటే అర్థం పోయినట్టు.

ఫోన్ కెమెరాను అస్సలు సాక్ష్యంగా తీసుకోకండి. మొహానికి 12 అంగుళాల దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు, 5 అడుగుల దూరం నుంచి తీసిన ఫోటోలో కంటే దాదాపు 30 శాతం వెడల్పుగా పడుతుందని 2018లో లెక్క కట్టారు. అది కెమెరా దగ్గరగా ఉన్నందువల్ల వచ్చేదే, ముక్కు తప్పు లేదు.

కొట్లో స్తంభాల అద్దాలను మా చెల్లి తప్పించుకోలేదు. అందుకని తనకొక చిన్న నియమం పెట్టాం. అద్దంలో కళ్ళు పడితే పడనీ, వెంటనే తన భుజం మీది చీర అంచుకి చూపు మార్చి, ఆ అంచు రంగు పేరు మనసులో అనుకోవాలి: నెమలికంఠం, మిరపపండు, వంకాయ రంగు. చూడకూడదని బిగదీసుకుంటే చూపు మళ్ళీ దవడ కిందికే పోతుంది, చూపుకి ఇంకో పని ఇవ్వాలి.

నాలుగో పని: టైలర్ పుస్తకంలా మాట్లాడండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే పెట్టాలి. రోజుకు ఒక్కసారి, మామూలు వెలుతురులో, రెండు నిమిషాలకు మించకుండా, అద్దంలో మిమ్మల్ని తల నుంచి కాళ్ళ దాకా మాటల్లో చెప్పాలి. మంచీ చెడూ చెప్పకూడదు, ఉన్నది చెప్పాలి.

వినడానికి సులువే. మా చెల్లి మొదటిసారి ఇలా చెప్పింది: "నుదురు చిన్నది. కళ్ళు పర్లేదు. ముక్కు కొంచెం లావు. దవడ కింద ఎక్కువ కండ. పొట్ట కాస్త బయటికి."

ఇందులో ఒక్క తిట్టూ లేదు కాబట్టి బాగానే చెప్పాననుకుంది. కానీ "పర్లేదు", "ఎక్కువ", "కాస్త బయటికి" అన్నవన్నీ తీర్పులే. దేనికంటే ఎక్కువ? ఎక్కడికంటే బయటికి? మన తెలుగులో "లావు", "నలుపు", "పొట్టి" అన్న మాటలు వర్ణనలా కనిపిస్తాయి గానీ ఇళ్ళలో వాడే తీరులో సగం తిట్లు. అవి వదిలేసి చెప్పడం కష్టం.

అప్పుడు టైలర్ గుర్తొచ్చాడు. జాకెట్టు కొలతలు ఇచ్చేటప్పుడు టైలర్ టేపు పెట్టి "భుజం పద్నాలుగు, నడుము ముప్పై నాలుగు, చెయ్యి పది" అని చెబితే పక్కన కుర్రాడు రాసుకుంటాడు. "అబ్బో, ముప్పై నాలుగే" అని రాయడు. ఆ పుస్తకంలో రాయగలిగిన మాటే మీరు అనాలి. రంగు, ఆకారం, చోటు, కొలత, ఇవే.

వారం తర్వాత అదే మనిషి ఇలా చెప్పింది: "నుదురు మూడు వేళ్ళ వెడల్పు. కుడి కనుబొమ్మలో చిన్న గాటు, చిన్నప్పుడు మంచం కోడు తగిలింది. బుగ్గ మీద రెండు గోధుమరంగు మచ్చలు. దవడ కింద చర్మం మెత్తగా, గుండ్రంగా. మెడ మీద రెండు అడ్డగీతలు. నడుము దగ్గర లంగా నాడా గుర్తు."

ఏ చోటు దగ్గర గొంతు మారుతుందో గమనించండి. తనకి దవడ దగ్గర మారేది, అక్కడికి రాగానే మాట తొందరపడేది. అక్కడ ఆగిపోకూడదు, దాటేయకూడదు. మెడకి ఇచ్చినన్ని మాటలే దవడకీ ఇచ్చి ముందుకు పోవాలి. ఏడుపొస్తే ఆరోజుకి ఆపి, మర్నాడు మొహం వదిలేసి చేతులతో మొదలుపెట్టండి.

ఐదో పని: మూడుసార్లు, పావుగంట చొప్పున రాయడం

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీలో తమ రూపం నచ్చని యువతుల చేత ఒక రాతపని చేయించి, ఫలితాన్ని 2015లో ప్రచురించారు. ఒళ్ళు ఎలా కనిపిస్తుందన్నది వదిలేసి, అది ఏం చేయగలదో, అది తమకెందుకు ముఖ్యమో పావుగంట చొప్పున మూడుసార్లు రాయాలి. రాసినవాళ్ళకు తమ ఒంటి పనితనం మీద తృప్తి పెరిగింది, రూపం మీద చిరాకూ కొంత తగ్గింది.

మీరూ వారంలో మూడు రోజులు రాయండి. పెద్ద మాటలు వద్దు. మా చెల్లి రాసిన దాంట్లో నాకు నచ్చిన వాక్యం ఇది: "ఆరు గజాల పట్టుచీరని ఒక్క విసురుతో బల్ల మీద పరిచి, నాలుగు మడతల్లో మళ్ళీ డబ్బాలో పెట్టగలను, కొత్తగా వచ్చిన పిల్లలకి అది రెండు నెలలు పడతాది."

ఇక్కడొక గుంట ఉంది. "నా ఒళ్ళు ఎంత గొప్పదో" అని రాయడం మొదలైతే మళ్ళీ పాత వీడియోకే వచ్చేసినట్టు. ఒళ్ళు నొప్పులున్నవాళ్ళకు ఇంకో ఇబ్బంది. అలిపిరి మెట్లు 3,550 ఎక్కగలిగేవాళ్ళు ఆ సంగతి రాసుకోవచ్చు, మోకాళ్ళు అరిగినవాళ్ళకి అది చదివితేనే గుచ్చుకుంటుంది. మీ పరిస్థితి అదైతే ఒంటి శక్తి గురించి కాకుండా ఒంటికి తెలిసిన రుచుల గురించి రాయండి: తడి తలకి సాంబ్రాణి పొగ, వేడి వేడి రాగిసంగటి ముద్ద చేతికి తగలడం.

చుట్టాల మధ్య ఏం చేయాలి

ఇదొక్కటి క్లుప్తంగా. చిత్తూరులో ఒక పెళ్ళిలో మా అత్త తనని పట్టుకుని "ఏం మే, పోయినసారి కంటే ఒళ్ళు చేసినావే" అంది. పాజిటివిటీ చెప్పే జవాబు "అవునత్తా, నాకిట్లనే ఇష్టం". అది తన నోటికి రాదు, వచ్చినా అత్త ఊరుకోదు. తను "ఆ, అయ్యుంటాది అత్తా. నీకు షుగర్ ఎట్లుంది ఇప్పుడు?" అంది. ఒప్పుకోలేదు, కాదనలేదు, సిగ్గుపడలేదు. అత్త పావుగంట తన షుగర్ గురించే చెప్పింది. ఇది అన్నిచోట్లా పని చేయదు. ప్రతి కలయికలో అదే మాట అంటూ ఏడిపించే మనిషికి "అత్తా, ఆ మాట నాకు బాగలేదు, ఇంకొద్దు" అని ఒకసారి సూటిగా చెప్పాల్సిందే.

ఇవేవీ మీకు కాకపోతే

మూడు వారాలు చేశాక పుస్తకం మళ్ళీ చూడండి. ఇష్టం పుట్టిందా అని చూడొద్దు, అది పుట్టకపోవచ్చు. మొదటి మాట మారిందా, అద్దం చూశాక మళ్ళీ పనిలో పడటానికి పట్టే సమయం తగ్గిందా అన్నవి చూడండి.

కొన్ని గుర్తులు ఉంటే మాత్రం ఈ పనులు ఆపి డాక్టర్ దగ్గరికి పోవాలి. ఎదుటివాళ్ళకి కనిపించని లోపం గురించి రోజుకు గంటకు పైగా ఆలోచించడం, దానికోసం కాలేజీ, డ్యూటీ మానేయడం, చర్మం గిల్లి పుండ్లు చేసుకోవడం, ఒక ట్రీట్‌మెంట్ అయ్యాక ఇంకోటని తిరగడం, ఇవి బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ కావచ్చు. దానికి వేరే థెరపీ ఉంది, మందులూ ఉన్నాయి, బాగవుతుంది. తిండి మానేయడం, తిన్నది కక్కేయడం ఉంటే ఇంకా తొందరపడాలి. అలాంటివాళ్ళ చేత అద్దం ముందు వర్ణన సొంతంగా చేయించకండి, ముదురుతుంది. తిరుపతిలో రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఎక్కడికీ పోలేకపోతే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

మా చెల్లి లెక్క మూడో వారానికి 41 నుంచి 30కి మాత్రమే తగ్గింది. స్తంభాలు ఎక్కడికీ పోవు కదా. తువ్వాలు తీసేసింది, అయితే తన మొహం తనకి ఇప్పటికీ నచ్చదు, అడిగితే అదే చెబుతుంది. పుస్తకంలో చివరి పేజీ మాత్రం నాకు చూపించింది. మొదటి రోజు అదే అద్దం పక్కన "ఛీ" అని ఉన్న చోట ఇప్పుడిలా ఉంది: "మూడో స్తంభం. పైట పిన్ను ఊడింది. పెట్టుకున్నా."